ఉప్పు కలిపితే కిందికి మూడు డిగ్రీలు, పైకి ఒక్క డిగ్రీ: ఎందుకీ తేడా?

ఒక కిలో శుద్ధమైన నీటిలో 58.44 గ్రాముల ఉప్పు, అంటే ఒక మోల్ సోడియం క్లోరైడ్, కరిగించామనుకుందాం. ఆ నీటిని చల్లబరిస్తే 0 °C దగ్గర గడ్డకట్టదు. దాదాపు −3.4 °C దాకా దిగితేగానీ మొదటి మంచు పలుకు నిలబడదు. అదే నీటిని వేడిచేస్తే 100 °C దగ్గర మరగదు, ఇంకో డిగ్రీ ఎక్కాలి. కిందికి మూడు డిగ్రీలకు పైగా, పైకి ఒక్క డిగ్రీ.

ఇంటర్ దాటి డిగ్రీ మొదటి ఏడాదిలోకి వచ్చిన విద్యార్థికి ఈ రెండు ఫలితాలూ సూత్రాల రూపంలో కంఠతా వచ్చి ఉంటాయి. ΔT = i·K·m అని రాసి, ఘనీభవనానికి 1.86, మరగడానికి 0.512 వేసి లెక్క తేల్చేస్తారు. మార్కులు వస్తాయి. కానీ ఒకే ఉప్పు ఒక ఉష్ణోగ్రతను తగ్గించి ఇంకో ఉష్ణోగ్రతను పెంచడమేమిటి, ఆ రెండు స్థిరాంకాలకూ మధ్య మూడున్నర రెట్ల తేడా ఎక్కడిది అని అడిగితే చాలామంది ఆగిపోతారు. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చిన్న సంఖ్యలో ఉంది. దాని విలువ 0.294. అది ఎలా వచ్చిందో చూడాలంటే ముందు రెండు తప్పుడు వివరణలను పక్కన పెట్టాలి.

మొదటిది బాగా వినబడే మాట: ఉప్పు అయాన్లు నీటి ఉపరితలం మీద కొంత చోటు ఆక్రమిస్తాయి, అందుకని నీటి అణువులు ఆవిరిగా తప్పించుకోవడానికి దారి తగ్గుతుంది. బొమ్మ వేసి చూపించడానికి బాగుంటుంది కాబట్టి పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. కానీ ఉపరితలం మీద అడ్డు ఉంటే అది రెండు వైపులా అడ్డే. బయటికి వెళ్లే అణువులను ఎంత ఆపుతుందో, ఆవిరి నుంచి తిరిగి వచ్చే అణువులనూ అంతే ఆపాలి. అప్పుడు సమతాస్థితి చేరడానికి పట్టే సమయం పెరుగుతుందేగానీ, సమతాస్థితి మారదు. ఆవిరి పీడనం అసలు తగ్గకూడదు. తగ్గుతోంది కాబట్టి కారణం అడ్డు కాదు.

రెండోది కాస్త తెలివైన వివరణ: అయాన్లు నీటి అణువులను గట్టిగా పట్టుకుంటాయి, అందుకే అవి మంచులోకీ ఆవిరిలోకీ వెళ్లలేవు. అయాన్లు నీటిని పట్టుకోవడం నిజమే. అయితే అదే అసలు కారణమైతే, పట్టు బలాన్ని బట్టి ఫలితం మారాలి. కిలో నీటిలో ఒక మోల్ యూరియా (60 గ్రాములు) వేసినా, ఒక మోల్ గ్లూకోజ్ (180 గ్రాములు) వేసినా ఘనీభవన స్థానం దాదాపు ఒకేలా, 1.86 డిగ్రీలకు దగ్గరగా తగ్గుతుంది. ఈ రెండు అణువుల ఆకారం వేరు, పరిమాణం వేరు, నీటితో వాటి సంబంధం వేరు. అయినా ఫలితం ఒకటే. కరిగింది ఏమిటన్నది కాదు, ఎన్ని కణాలన్నదే లెక్కలోకి వస్తోంది. ఇలాంటి వాటినే కణాధార ధర్మాలు అంటారు. కాబట్టి వివరణ కూడా కణాల సంఖ్య నుంచే రావాలి.

శుద్ధమైన నీరు, మంచు 0 °C దగ్గర కలిసి ఉన్నప్పుడు అక్కడ జరిగేదాన్ని దగ్గరగా చూద్దాం. మంచు అంచు దగ్గర కొన్ని అణువులు నిరంతరం విడివడి నీటిలోకి వస్తుంటాయి, కొన్ని నీటిలోంచి వెళ్లి మంచుకు అతుక్కుంటుంటాయి. రెండు వేగాలూ సమానమైన ఉష్ణోగ్రతే ఘనీభవన స్థానం. ఇక్కడ రెండు శక్తులు పోటీ పడుతున్నాయని చెప్పవచ్చు. నీరు మంచుగా మారితే మోల్‌కు 6010 జౌళ్ల వేడి బయటికి వస్తుంది, అది పరిసరాల ఎంట్రోపీని పెంచుతుంది. మరోవైపు స్వేచ్ఛగా తిరిగే అణువులు స్ఫటికంలో ఒక చోట కుదురుకోవడం వల్ల నీటి ఎంట్రోపీ మోల్‌కు 22.0 జౌల్/కెల్విన్ మేరకు తగ్గుతుంది. ఈ లాభనష్టాలు సరిగ్గా సరిపోయే ఉష్ణోగ్రత ఎంత? 6010ని 22.0తో భాగిస్తే 273 కెల్విన్ వస్తుంది. అదే 0 °C. సున్నా డిగ్రీలనేది ఆకాశం నుంచి ఊడిపడ్డ సంఖ్య కాదు, ఆ భాగహారం ఫలితం.

మరగడం కూడా ఇదే లెక్క. నీరు ఆవిరి కావడానికి మోల్‌కు సుమారు 40,660 జౌళ్లు కావాలి. ఆవిరిగా మారితే ఎంట్రోపీ 108.96 జౌల్/కెల్విన్ మేరకు పెరుగుతుంది. 40,660ని 108.96తో భాగిస్తే 373.15 కెల్విన్, అంటే 100 °C.

ఇప్పుడు ఉప్పు వేద్దాం. ఉప్పు ద్రవంలోనే ఉంటుంది. మంచు స్ఫటికం సోడియం, క్లోరైడ్ అయాన్లను దాదాపు లోపలికి రానివ్వదు, ఆ అమరికలో వాటికి చోటు లేదు. ఆవిరిలోకి కూడా ఉప్పు వెళ్లదు. అంటే మంచు పాత మంచే, ఆవిరి పాత ఆవిరే. మారింది మధ్యలో ఉన్న ద్రవం ఒక్కటే. మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. ఉప్పు ఒకచోట తగ్గించడం, ఇంకోచోట పెంచడం అనే రెండు పనులు చేయడం లేదు. ద్రవస్థితికి మాత్రమే కొంత బలం చేకూరుస్తోంది. ద్రవం తన రెండు పక్కలా, మంచు వైపూ ఆవిరి వైపూ, కొంచెం కొంచెం విస్తరిస్తోంది. మంచు వైపు విస్తరిస్తే ఘనీభవన స్థానం కిందికి పోతుంది, ఆవిరి వైపు విస్తరిస్తే మరిగే స్థానం పైకి పోతుంది.

ఆ బలం ఎంత? కిలో నీటిలో 55.51 మోళ్ల నీటి అణువులుంటాయి. ఒక మోల్ ఉప్పు కరిగితే ఒక మోల్ సోడియం అయాన్లు, ఒక మోల్ క్లోరైడ్ అయాన్లు, మొత్తం రెండు మోళ్ల కణాలు వస్తాయి. ద్రావణంలో నీటి వాటా 55.51/57.51, అంటే 0.965. వేరే కణాలు కలవడం వల్ల అణువులు అమరే విధానాల సంఖ్య పెరుగుతుంది, దానివల్ల ద్రావణంలోని ప్రతి మోల్ నీటికీ కొంత అదనపు ఎంట్రోపీ వస్తుంది. దాని విలువ −R ln(0.965). R అంటే 8.314, 0.965 సహజ లఘుగణకం −0.0354. రెండూ గుణిస్తే 0.294 జౌల్/కెల్విన్. మొదట చెప్పిన సంఖ్య ఇదే. ఈ సూత్రంలో ఉప్పు పేరు లేదు, నీటి వాటా మాత్రమే ఉంది. యూరియా, గ్లూకోజ్ ఒకేలా ప్రవర్తించడానికి కారణం అదే.

ఇక భాగహారం మళ్లీ చేద్దాం. ద్రావణంలోని నీరు గడ్డకట్టాలంటే ఇప్పుడు 22.0 మాత్రమే కాదు, అదనంగా వచ్చిన 0.294నూ వదులుకోవాలి. నష్టం 22.3కి చేరింది. బయటికి వచ్చే వేడి మాత్రం అదే 6010. దశాంశాలను వదిలేయకుండా భాగిస్తే 269.5 కెల్విన్, అంటే సుమారు −3.6 °C. మరిగేటప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. ద్రవానికి ముందే కొంత ఎంట్రోపీ ఎక్కువుంది కాబట్టి ఆవిరి కావడం వల్ల వచ్చే లాభం 108.96 నుంచి 108.67కి తగ్గింది. 40,660ని దానితో భాగిస్తే 374.16 కెల్విన్. పెరుగుదల ఒక డిగ్రీ, అంతే.

రెండో ప్రశ్నకు జవాబు ఈ రెండు భాగహారాల్లోనే కనిపిస్తోంది. కలిపింది 0.294, తీసేసింది కూడా 0.294. కానీ 22 మీద ఆ మొత్తం 1.3 శాతం, 109 మీద 0.27 శాతం మాత్రమే. నీటికీ మంచుకూ మధ్య ఎంట్రోపీ తేడా చిన్నది కాబట్టి చిన్న కదలికకే ఆ హద్దు చాలా దూరం జరుగుతుంది. నీటికీ ఆవిరికీ మధ్య తేడా పెద్దది, అక్కడ అదే కదలిక పెద్దగా లెక్కలోకి రాదు. 273లో 1.3 శాతం, 373లో 0.27 శాతం వేసి చూసుకుంటే మూడున్నర డిగ్రీలు, ఒక డిగ్రీ వచ్చేస్తాయి. పాఠ్యపుస్తకంలోని 1.86, 0.512 ఈ లెక్కనే సూత్రంలో బిగించిన రూపాలు. K = RT²M/ΔH అని రాస్తారు. ఇందులో M ద్రావణి మోలార్ ద్రవ్యరాశి, కిలోగ్రాముల్లో (నీటికి 0.018). ΔH గుప్తోష్ణం. ఉప్పుకు సంబంధించినది ఇందులోనూ ఏమీ లేదు. అవి నీటి స్థిరాంకాలు.

వంటింట్లో లీటరు నీటికి పది గ్రాముల ఉప్పు వేస్తే మరిగే స్థానం 0.17 డిగ్రీలు పెరుగుతుంది. "ఉప్పు వేస్తే నీరు ఎక్కువ వేడెక్కి తొందరగా ఉడుకుతుంది" అనే మాటకు ఇంతకుమించి బలం లేదు. వేడి నీటిలో ఉప్పు పడగానే బుస్సున బుడగలు రావడం వేరే సంగతి, ఉప్పు పలుకుల గరుకు అంచులు బుడగలు పుట్టడానికి ఆధారమిస్తాయి.

మన లెక్క ప్రకారం −3.6 రావాలి, ప్రయోగంలో −3.4 వస్తోంది. సాధారణ సూత్రం ఇంకా ఎక్కువ చెబుతుంది: 2 × 1.86 = 3.72. ఈ తేడాను కొట్టిపారేయడానికి వీల్లేదు, దీని వెనక కథ ఉంది. ఘనీభవన స్థానం తగ్గుదల ద్రావితం పరిమాణానికి అనులోమంగా ఉంటుందని చార్లెస్ బ్లాగ్డెన్ 1788లోనే ప్రకటించాడు. 1880లలో ఫ్రాన్స్‌కు చెందిన రౌల్ అనేక కర్బన పదార్థాలతో కొలిచి, మోల్‌కు తగ్గుదల దాదాపు ఒకటే అని చూపాడు. లవణాలు మాత్రం ఆ వరుసలో ఇమడలేదు, ఉప్పు దాదాపు రెండింతలు తగ్గించింది. వాంట్ హాఫ్ ఆ తేడాను సరిచేయడానికి i అనే గుణకాన్ని వాడాడు. అది ఎందుకు రెండుకు దగ్గరగా ఉంటుందో చెప్పినవాడు అరీనియస్. లవణాలు నీటిలో అయాన్లుగా విడిపోతాయన్న అతని సిద్ధాంతానికి 1887లో ఈ కొలతలు పెద్ద ఆధారమయ్యాయి. కరెంటు ఏమాత్రం ప్రవహింపజేయకుండా, థర్మామీటర్‌తో అయాన్లను లెక్కపెట్టడమన్నమాట.

అయితే i సరిగ్గా 2 కాదు. కిలో నీటికి 0.01 మోల్ ఉప్పు ఉన్నప్పుడు అది 1.94. 0.1 మోల్‌కు 1.87. ఒక మోల్‌కు 1.81. చాలామంది దీన్ని "ఉప్పు పూర్తిగా విడిపోలేదు" అని చదువుతారు. అది సరికాదు, సోడియం క్లోరైడ్ నీటిలో పూర్తిగానే విడిపోతుంది. ప్రతి సోడియం అయాన్ చుట్టూ క్లోరైడ్ అయాన్లు సగటున కొంచెం ఎక్కువగా చేరతాయి, క్లోరైడ్ చుట్టూ సోడియం కూడా అంతే. ఆ ఆకర్షణ వల్ల అవి పూర్తిగా ఒకదానితో ఒకటి సంబంధం లేని కణాల్లా ప్రవర్తించలేవు. గాఢత పెరిగేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి i తగ్గుతుంది. ఇక్కడితో ఆగితే బాగుండేది, కానీ ఉప్పు ఇంకా పెంచితే i మళ్లీ పెరగడం మొదలుపెట్టి 2ను దాటుతుంది. ద్రవ్యరాశిలో 23.3 శాతం ఉప్పున్న ద్రావణానికి సూత్రం 19.3 డిగ్రీల తగ్గుదల చెబుతుంటే, నిజంగా వచ్చేది 21.1. ఆ గాఢతలో చాలా నీరు అయాన్ల చుట్టూ చిక్కుకుపోయి, స్వేచ్ఛగా మిగిలిన నీరు తక్కువవుతుంది. మొదట పక్కన పెట్టిన "అయాన్లు నీటిని పట్టుకుంటాయి" అన్న వివరణ, ఇక్కడ సవరణ రూపంలో తిరిగి వస్తుంది. సూత్రం పలుచని ద్రావణాలకే అని పుస్తకంలో చిన్నగా రాసే షరతుకు అర్థం ఇదే.

ఈ కొలత ల్యాబ్‌లో చేసేటప్పుడు తడబడే చోటు ఒకటుంది. పరీక్షనాళికలో ఉప్పునీరు, చుట్టూ ఇంకా చల్లని స్నానం, లోపల థర్మామీటర్, కలుపుతూ ఉండే తీగ. అర నిమిషానికొకసారి రీడింగ్ రాస్తారు. ఉష్ణోగ్రత −3.4ను దాటి −5కో −6కో దిగిపోవచ్చు, మంచు జాడ ఉండదు. ఇది అతిశీతలీకరణ. స్ఫటికం మొదలవడానికి ఒక ఆధారం దొరకలేదంతే. ఎక్కడో ఒక పలుకు ఏర్పడగానే నాళిక ఒక్కసారిగా మసకబారుతుంది, గుప్తోష్ణం బయటపడి ఉష్ణోగ్రత పైకి ఎగబాకుతుంది. అతి తక్కువ రీడింగ్‌నే ఘనీభవన స్థానం అని రాసుకుంటే ఫలితం రెండు డిగ్రీలు తప్పుతుంది.

ఎగబాకిన తర్వాత వచ్చే గీత కూడా చూడాలి. శుద్ధమైన నీటికైతే అది బల్లపరుపుగా ఉంటుంది. ఉప్పునీటికి కొద్దికొద్దిగా కిందికి వాలుతుంది. ఎందుకంటే మంచుగా వెళ్లేది నీరు మాత్రమే, ఉప్పంతా మిగిలిన ద్రవంలోనే ఉండిపోతుంది. సగం నీరు గడ్డకడితే మిగిలిన ద్రవం గాఢత రెట్టింపవుతుంది, దాని ఘనీభవన స్థానం సుమారు −7కు చేరుతుంది. అందుకే ద్రావణానికి ఒకే ఘనీభవన స్థానం లేదు, గడ్డకట్టడం మొదలయ్యే స్థానం ఉంది. గ్రాఫ్‌లో ఆ వాలు గీతను వెనక్కి పొడిగించి, మొదట చల్లబడిన గీతను తాకే చోటు చదవాలి. సముద్రం −1.9 °C దగ్గర గడ్డకట్టడం మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మంచులో ఉప్పు తక్కువ, కింద మిగిలిన నీరు ఇంకా ఉప్పగా, ఇంకా బరువుగా మారి లోతుకు దిగుతుంది.

ఇలా నీరు మంచుగా వెళ్తూ ద్రవం గాఢమవుతూ పోతే చివరికి ఎక్కడ ఆగుతుంది? −21.1 °C దగ్గర. అప్పుడు ద్రవంలో ఉప్పు 23.3 శాతం. అంతకు కింద మిగిలిన ద్రవమంతా మంచూ, నీటితో కలిసిన ఉప్పు స్ఫటికాలూ (NaCl·2H₂O) కలిసిన ఘనంగా మారిపోతుంది. ఎంత ఉప్పు చల్లినా −21.1 కింద ద్రవం నిలవదు. రోడ్ల మీద మంచు కరిగించడానికి ఉప్పు వాడే దేశాల్లో −10 దగ్గరే పని కష్టమవుతుంది, ఎందుకంటే అక్కడ ద్రవం నిలవాలంటే దాదాపు 14 శాతం ఉప్పు కావాలి. ఇంకా చలి ఉన్న చోట్ల కాల్షియం క్లోరైడ్ వాడతారు. దాని హద్దు −50 దగ్గర ఉంది.

దీని నుంచే ఇంకో సందేహం పుడుతుంది. ఉప్పు మంచును కరిగిస్తుందంటే వేడి చేస్తుందన్నట్టే కదా? అలా కాదు. 0 °C మంచు ముక్కల మీద ఉప్పు చల్లి థర్మామీటర్ పెడితే పాదరసం పడిపోతుంది. మంచు అంచు మీది పలుచని నీటిపొరలో ఉప్పు కరగగానే, ఆ నీటిలోంచి మంచుకు తిరిగి అతుక్కునే అణువుల వేగం తగ్గుతుంది. మంచు నుంచి విడివడే వేగం అలాగే ఉంటుంది. కాబట్టి కరగడమే సాగుతుంది. ఒక గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్లు కావాలి, బయటి నుంచి వేడి రాకపోతే అది ఆ మిశ్రమం నుంచే వస్తుంది. మిశ్రమం చల్లబడుతూ, కరగడం, గడ్డకట్టడం మళ్లీ సమానమయ్యే ఉష్ణోగ్రతకు దిగుతుంది. ఉప్పూ మంచూ తగినంత ఉండి, వేడి లోపలికి రాకుండా చూసుకుంటే −21 దాకా పోవచ్చు.

ఈ వివరణ మొత్తం రెండు షరతుల మీద నిలబడింది: కరిగిన పదార్థం ఆవిరిలోకి వెళ్లకూడదు, ఘనంలోకీ వెళ్లకూడదు. ఏ షరతు తప్పితే ఆ వైపు ఫలితం తప్పుతుంది. ఇథనాల్‌ను నీటిలో కలిపితే ఘనీభవన స్థానం ఎప్పటిలాగే తగ్గుతుంది, ఎందుకంటే మంచులోకి ఇథనాల్ వెళ్లదు. కానీ ఇథనాల్ తానే సులువుగా ఆవిరవుతుంది కాబట్టి మరిగే స్థానం పెరగకపోగా తగ్గుతుంది. రెండో షరతు తప్పిన ఉదాహరణ లోహాల్లో ఉంది. రాగి 1085 °C దగ్గర కరుగుతుంది. అందులో కొంత నికెల్ కలిపితే, కణాలు కలిశాయి కాబట్టి ఆ ఉష్ణోగ్రత తగ్గాలనిపిస్తుంది. పెరుగుతుంది. నికెల్ పరమాణువులు రాగి స్ఫటికంలో చక్కగా ఇమిడిపోతాయి, పైగా ద్రవంలో కంటే ఘనంలోనే ఎక్కువగా చేరతాయి. అక్కడ కలయిక వల్ల వచ్చే ఎంట్రోపీ ద్రవం కన్నా ఘనానికే ఎక్కువ మేలు చేస్తుంది.